నాన్నగారి తిథి అష్టమా, నవమా?

ప్రశ్న: మా నాన్నగారు 2024 ఏప్రిల్ 16న సాయంత్రం ఐదింటికి విజయవాడలో ఆసుపత్రిలో పోయారు. క్యాలెండర్‌లో ఆ రోజు అష్టమి అని ఉంది. అందుకే 2025లో ఆబ్దికం ఏప్రిల్ 5న, అష్టమి నాడు పెట్టాను. డాలస్‌లో ఉన్న తమ్ముడూ అదే తేదీన చేశాడు. ఇప్పుడు మా మేనత్త "మీ నాన్న పోయింది నవమి ఘడియల్లో, మీరు తప్పు రోజున పెట్టారు" అంటోంది. బాబాయి మాత్రం "ఈ గొడవంతా ఎందుకు, ఏటా ఏప్రిల్ 16నే చేసుకోండి" అంటున్నాడు. 2026లో ఏ రోజు పెట్టాలి? ఏటా మేమే చూసుకోవడం ఎలా? పోయినసారి పెట్టింది చెల్లదేమో అని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీ మేనత్తగారు చెప్పిందే సరి. నాన్నగారి తిథి చైత్ర శుద్ధ నవమి. 2026లో అది మార్చి 26, గురువారం నాడు పెట్టాలి. క్యాలెండర్‌లో 27వ తేదీ గడిలో నవమి అని కనబడుతుంది. అది చూసి ఆ రోజుకు భోక్తలను పిలిచేయకండి. ఎందుకో చెబుతాను. ఆ కారణం ఒకసారి పట్టుబడితే ఇక ప్రతి సంవత్సరం ఎవరినీ అడక్కుండా మీరే చూసుకోగలరు.

అసలు చిక్కంతా క్యాలెండర్ గడిలో ఉంది. ఆ గడిలో అచ్చేసిన తిథి సూర్యోదయానికి ఉన్న తిథి. పేరంటాలకు, రోజుకో పేరు పెట్టుకోవడానికి అది చాలు. కానీ తిథి సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో అయిపోయేది కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలమే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కో రోజు వేగంగా, ఒక్కో రోజు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఒక తిథి ఇరవై గంటలకే అయిపోవచ్చు, ఇంకొకటి ఇరవై ఆరు గంటలు దాటి సాగవచ్చు. అది పొద్దున్న తొమ్మిదింటికి మారొచ్చు, అర్ధరాత్రి మారొచ్చు, మనం భోజనానికి కూర్చున్నప్పుడు మారొచ్చు. అందుకే ఆ గడిలో తిథి పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఒక సమయం వేస్తారు. ఆ సమయం తిథి మొదలయ్యే వేళ కాదు, ముగిసే వేళ. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

2024 ఏప్రిల్ 16న అష్టమి పక్కన ఉన్న సమయం మధ్యాహ్నం 1.23. అంటే ఆ రోజు సూర్యోదయానికి అష్టమి ఉన్న మాట నిజమే, కానీ 1.23 దాటగానే నవమి వచ్చేసింది. అది మర్నాడు, 17న మధ్యాహ్నం 3.14 వరకూ ఉంది. నాన్నగారు పోయింది సాయంత్రం ఐదింటికి. అప్పటికి నవమి వచ్చి మూడున్నర గంటలు దాటింది. మరణ తిథి చూసేటప్పుడు ఆ రోజు పొద్దున్న ఏ తిథి ఉందన్నది లెక్కలోకి రాదు. ప్రాణం పోయిన క్షణంలో ఏ తిథి నడుస్తోందో అదే తిథి. ఇందులో రెండో మాట లేదు.

కాబట్టి ముందు మీరు చేయాల్సిన పని ఆ సమయాన్ని గట్టిగా నిర్ధారించుకోవడం. మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో సాధారణంగా తేదీయే ఉంటుంది. ఆసుపత్రిలో పోయినవారికి డాక్టరు రాసే మరణ కారణ ధ్రువపత్రం, అంటే ఫారం 4లో మాత్రం సమయం కూడా రాస్తారు. దాని నకలు మీ దగ్గర లేకపోతే కేసు షీటులోనైనా ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో ఇదంతా అంత కీలకం కాదు, ఎందుకంటే ఐదింటికి అటూ ఇటూ అరగంట తేడా ఉన్నా నవమి మారదు. అదే ఆయన ఒంటి గంటన్నర ప్రాంతంలో పోయి ఉంటే కథ వేరుగా ఉండేది. డాక్టరు వచ్చి చూసి చెప్పిన వేళ 1.40, కానీ పక్కన కూర్చున్న మీ అమ్మగారికి ఊపిరి ఆగినట్టు తెలిసింది 1.15కు అనుకోండి. అప్పుడు ఆ ఇరవై ఐదు నిమిషాల్లోనే తిథి మారిపోతుంది. అలాంటి చోట కాగితం మీది సమయం కంటే దగ్గరున్నవాళ్లు చెప్పేదాన్ని కర్మలు చేయించిన పురోహితుడి ముందు పెట్టి, ఒక నిర్ణయానికి వచ్చి, దాన్నే ఖాయం చేసుకోవాలి.

రాత్రిపూట పోయినవారి విషయంలో ఇంకో మెలిక ఉంది. మా ఇంట్లో నేనే చేసిన పొరపాటు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మ తెల్లవారుజామున రెండున్నరకు పోయింది. ఇంగ్లీషు లెక్కన అర్ధరాత్రి దాటాక తేదీ మారిపోయింది కదా అని నేను పంచాంగంలో ఆ కొత్త తేదీ వరుస తెరిచి చూశాను. కానీ పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. రాత్రి రెండున్నర అంటే ముందు రోజు వరుసలోనే వెతకాలి. 'రా' అనో 'తె' అనో అక్షరం వేసి రాసేది ఆ వేళల గురించే. కొన్ని యాప్‌లలో అయితే 26.30 అని చూపిస్తారు. అంటే ఇరవై నాలుగు గంటలు దాటాక మరో రెండున్నర గంటలు, అంటే తెల్లవారుజామున రెండున్నర. నేను ఒక వరుస కిందకి చూడటంతో ఒక తిథి ముందుకు పోయింది. మాసికాలు రెండు అయ్యాక ఊళ్లో ఉన్న పెద్దాయన పట్టుకున్నారు గానీ లేకపోతే ఇప్పటికీ అలాగే సాగేది.

ఇక అసలు ప్రశ్న. తిథి నవమి అని తేలాక, ఏటా ఆ నవమి రెండు తేదీల మీద పరుచుకుని వస్తుంది. ఆ రెండింటిలో ఏ రోజున తద్దినం పెట్టాలి? ఇక్కడ కూడా సూర్యోదయాన్ని పట్టుకోకూడదు. పగటి భాగాన్ని, అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న కాలాన్ని, ఐదు సమాన భాగాలు చేస్తే నాలుగో భాగం పేరు అపరాహ్ణం. పితృకార్యానికి అదే ముఖ్యకాలం. ఏ రోజు అపరాహ్ణంలో ఆ తిథి ఉంటుందో ఆ రోజే ఆబ్దికం. దేవకార్యాలకు పొద్దు, పితృకార్యాలకు మధ్యాహ్నం దాటిన వేళ అని మన పెద్దలు అనేది ఇందుకే. మీ ఇంట్లో భోక్తలు మధ్యాహ్నానికి గానీ విస్తళ్ల ముందు కూర్చోకపోవడానికి కారణం కూడా ఇదే, పురోహితుడు ఆలస్యంగా రావడం కాదు.

ఈ లెక్క చేయడం తేలిక. మార్చి చివర్లో విజయవాడలో సూర్యోదయం సుమారు 6.08కి, సూర్యాస్తమయం సుమారు 6.20కి. పగలు పన్నెండు గంటల పన్నెండు నిమిషాలు. అందులో ఐదో వంతు దాదాపు రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. మూడు భాగాలు గడిచేసరికి మధ్యాహ్నం ఒంటి గంట ఇరవై ఏడు అవుతుంది. అక్కడి నుంచి నాలుగింటికి ఓ ఐదారు నిమిషాలు తక్కువ వరకూ అపరాహ్ణం. ఏడాది పొడవునా ఇది కాస్త అటూ ఇటూ జరుగుతుంది గానీ, మన ప్రాంతంలో మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు మధ్య అని గుర్తుపెట్టుకుంటే ముప్పాతిక పని అయిపోయినట్టే.

ఇప్పుడు 2026 చూడండి. ఆ ఏడు చైత్ర శుద్ధ అష్టమి మార్చి 26న పొద్దున్న 11.48కి అయిపోయి నవమి మొదలవుతుంది. ఆ నవమి మర్నాడు, 27న ఉదయం 10.06కి ముగుస్తుంది. 26న ఒంటి గంటన్నర నుంచి నాలుగు వరకూ ఏ తిథి ఉంది? పూర్తిగా నవమి. 27న అదే వేళకు? నవమి అయిపోయి మూడు గంటలు దాటింది, దశమి నడుస్తోంది. కాబట్టి 26. కానీ క్యాలెండర్ తిరగేసేవాళ్లకు 26 గడిలో అష్టమి, 27 గడిలో నవమి కనబడతాయి. తిథి నవమి అని సరిగ్గా తెలిసినవాళ్లు కూడా ఆ ఏడు 27న పెట్టేసే ప్రమాదం ఉంది. 27న పెడితే మీరు దశమి నాడు పెట్టినట్టు.

పోయిన సంవత్సరం సంగతి ఇంత చిక్కు కాదు. 2025లో నవమి ఏప్రిల్ 5 రాత్రి 7.26కి వచ్చి 6వ తేదీ రాత్రి 7.22 వరకు ఉంది. 6వ తేదీ ఆదివారం మధ్యాహ్నం అంతా నవమే. మీరు ఒక రోజు ముందు చేశారు.

చైత్ర శుద్ధ నవమి అనగానే మీకు శ్రీరామనవమి గుర్తొచ్చి ఉంటుంది. ఏటా శ్రీరామనవమి ఎప్పుడో చూసుకుని అదే రోజు తద్దినం పెట్టేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగకముందే చెబుతున్నాను, సరిపోదు. 2025లో, 2026లో రెండూ ఒకే రోజు కలిసిన మాట నిజమే. కానీ రాముడు పుట్టింది మధ్యాహ్నం కాబట్టి పండగకు పగటిలో మూడో భాగం చూస్తారు. పితృకార్యానికి నాలుగో భాగం చూస్తాం. నాన్నగారు పోయిన 2024లోనే ఆ తేడా కనబడింది. అప్పుడు నవమి 16న మధ్యాహ్నం 1.23కి మొదలైంది కాబట్టి 16న మూడో భాగానికి అందలేదు. 17న ఆ వేళకు పూర్తిగా ఉంది. అందుకని శ్రీరామనవమి 17న చేసుకున్నాం. అదే అంతకు ముందు ఏనాడో నవమి నాడు పోయినవారి ఆబ్దికం ఆ ఏడు ఎప్పుడు పెట్టాలి? 16న విజయవాడలో అపరాహ్ణం ఇంచుమించు 1.24కి మొదలవుతుంది, అంటే నవమి ఆ రెండున్నర గంటలూ ఉంది. 17న కూడా 3.14 వరకు, అంటే గంటా యాభై నిమిషాలు ఉంది. రెండు రోజులూ తగిలింది. ఇలా రెండు రోజులూ తగిలినప్పుడు ఎక్కువసేపు ఉన్న రోజు తీసుకోవాలి. కాబట్టి పండగ 17న, తద్దినం 16న.

దీనికి ఎదురు పరిస్థితి కూడా అప్పుడప్పుడు వస్తుంది. తిథి చిన్నదై, మొదటి రోజు అపరాహ్ణం అయిపోయాక మొదలై, రెండో రోజు అపరాహ్ణం రాకముందే ముగిసిపోతుంది. రెండు రోజుల్లో ఏ రోజూ ఆ వేళకు తిథి దొరకదు. అప్పుడు ముందు రోజే పెట్టమని ధర్మశాస్త్రం. రెండు రోజులూ సమానంగా తగలడం లాంటి ఇంకా సూక్ష్మమైన సందర్భాలు ఉన్నాయి. అక్కడ మాత్రం మీరు లెక్కలతో కుస్తీ పట్టకుండా పురోహితుణ్ణి అడగండి. అలాంటి సంవత్సరం మీకు ఎదురైతే గుర్తుపట్టగలిగితే చాలు. తిథి మారే వేళ మధ్యాహ్నం ఒకటి నుంచి నాలుగు మధ్య పడిందంటే అది అడగాల్సిన సంవత్సరం.

మీ తమ్ముడి విషయం చెప్పాలి, అది కొంచెం తమాషాగా ఉంది. తిథి ఆకాశంలో చంద్రుడి స్థితి కాబట్టి అది ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. మారేది గడియారం, సూర్యోదయం. అక్కడ గడియారాలను గంట ముందుకు జరిపే ఎండాకాలపు సమయం అమల్లో ఉన్నప్పుడు డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. 2025లో మనకు ఏప్రిల్ 5 రాత్రి 7.26కి వచ్చిన నవమి, డాలస్‌లో ఏప్రిల్ 5 ఉదయం 8.56కి వచ్చింది. మర్నాడు ఉదయం 8.52కి వెళ్లిపోయింది. మరి అక్కడి అపరాహ్ణంలో, అంటే ఆ రోజుల్లో డాలస్ గడియారంలో పావు తక్కువ మూడు నుంచి ఐదుంపావు దాకా, నవమి ఉన్నది 5వ తేదీన. అంటే మీరు తప్పు రోజు చెప్పారు, ఆయన దాన్నే పాటించారు, కానీ ఆయన ఉన్న చోట అది సరైన రోజే అయింది! సంకల్పంలో అష్టమ్యాం అని చెప్పారో నవమ్యాం అని చెప్పారో గానీ, రోజు మాత్రం తప్పలేదు. ఒకవేళ మీరు సరిగ్గా 6న పెట్టి ఆయన్నీ 6నే పెట్టమని ఉంటే, అక్కడ అది దశమి అయ్యేది.

అందుకని కర్త ఎక్కడ కూర్చుని పెడుతున్నాడో అక్కడి సమయం ప్రకారమే చూడాలి. అన్నదమ్ములు వేర్వేరు తేదీల్లో పెట్టడంలో దోషమేమీ లేదు, ఇద్దరూ ఒకే నవమి నాడే పెడుతున్నారు. 2026లో మాత్రం ఇద్దరికీ తేదీ కలుస్తుంది. మనకు 26న 11.48 అంటే అక్కడ 26 తెల్లవారుజామున 1.18. మనకు 27న 10.06 అంటే అక్కడ 26 రాత్రి 11.36. రెండు చోట్లా మార్చి 26 అపరాహ్ణంలో నవమి ఉంటుంది. మీ తమ్ముడు ఫోన్‌లో పంచాంగం చూసుకునేటప్పుడు ఊరు హైదరాబాద్ అని కాకుండా డాలస్ అని పెట్టుకోవాలి. ఎండాకాలపు సమయం లేని నెలల్లో తేడా పదకొండున్నర గంటలు అవుతుంది. చేత్తో లెక్క వేసేటప్పుడు అదీ మరిచిపోకూడదు.

యాప్‌ల గురించి ఇంకో హెచ్చరిక. వాటిలో కొన్ని ఉత్తరాది లెక్కను పాటిస్తాయి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకు పౌర్ణమితో. శుద్ధ పక్షంలో రెండు చోట్లా నెల పేరు ఒకటే కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ బహుళ పక్షంలో పోయినవారికి మన చైత్ర బహుళం వాళ్ల వైశాఖం అవుతుంది, అలా చూసుకుంటే నెల రోజులు తేడా వస్తుంది. తమిళుల పద్ధతి మరో రకం. వాళ్లు సౌరమాసం తీసుకుని అందులో తిథి చూస్తారు. మీ నాన్నగారు పోయిన రోజునే ఒక తమిళాయన పోయి ఉంటే, వాళ్ల చిత్తిరై నెల ఏప్రిల్ 14న మొదలవుతుంది కాబట్టి 2025లో ఆయన తిథి మే మొదటి వారంలో వచ్చేది. తేదీ వేస్తే తిథి చెప్పే పేజీల్లో ఏ పద్ధతి వాడారో రాయనివి చాలా ఉన్నాయి. అవి చెప్పిన తేదీని కాదు, అవి చూపించే తిథి ఆరంభ, అంత్య సమయాలను తీసుకుని మిగతా నిర్ణయం మీరు చేసుకోవడమే మేలు.

మీ మేనత్తగారి దగ్గరున్న పంచాంగంలో సమయాలు నేను చెప్పినవాటికి సరిగ్గా కలవకపోతే కంగారు పడకండి. పాత సిద్ధాంతం ప్రకారం గణించిన పంచాంగాలు, ఆకాశంలో సూర్యచంద్రులు నిజంగా ఉన్న చోటును బట్టి లెక్కగట్టే దృగ్గణితం ప్రకారం గణించినవి రెండూ మన దగ్గర వాడకంలో ఉన్నాయి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆ రెండూ దాదాపు కలుస్తాయి. అష్టమి, నవముల దగ్గరే వాటి మధ్య తేడా ఎక్కువ, గంటల లెక్కలోకి పోతుంది. పై సమయాలు దృగ్గణితం ప్రకారం ఇచ్చినవి. మీ ఇంటి పురోహితుడు ఏది వాడతాడో తెలుసుకుని, మరణ తిథికీ, ఏటా రోజు నిర్ణయానికీ ఆ ఒక్కదాన్నే పట్టుకోండి. ఒక ఏడు ఇది, ఒక ఏడు అది చూస్తే ఎప్పటికీ తగువే.

బాబాయిగారి మాటకొస్తాను. ఏప్రిల్ 16 గుర్తుంచుకోవడం తేలికే, కాదనను. ఆ రోజు నాన్నగారి ఫోటోకు దండ వేసి, ఆయన పేరున ఎవరికైనా భోజనం పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. కానీ తద్దినానికి అది పనికిరాదు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే. అందుకే తిథి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నాన్నగారు పోయింది చంద్రుడు పెరిగే పక్షంలో తొమ్మిదో తిథిన. 2025 ఏప్రిల్ 16 నాటికి పౌర్ణమి దాటి బహుళ పక్షం వచ్చేసింది. 2026 ఏప్రిల్ 16 చతుర్దశి, అమావాస్య అంచు. ఆ తేదీన సంకల్పం చెప్పించడానికి కూర్చుంటే పురోహితుడు పక్షం పేరు, తిథి పేరు ఏమని చెప్పాలి? సంకల్పంలో ఏప్రిల్ అన్న మాటే లేదు కదా.

ఇలా ముందుకు జరుగుతూ పోతే చైత్రం ఏదో ఒకనాటికి చలికాలంలోకి వెళ్లిపోవాలి. వెళ్లకుండా ఆపేది అధికమాసం. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. మీ తిథి చైత్రంలో కాబట్టి 2026లో మీకు దీంతో పని లేదు. కానీ దాని ప్రభావం వచ్చే ఏడాది మీద ఉంటుంది. 2027లో నవమి మార్చిలో ఇంకా ముందుగా రాకుండా మళ్లీ ఏప్రిల్ మధ్యకు వస్తుంది. తేదీ ఒక్కసారిగా ఇరవై రోజులు తర్వాతకు పోయిందేమిటని అప్పుడు అనుమానపడకండి. ఆ ఏడు నవమి మారే వేళ మధ్యాహ్నానికి దగ్గరగా పడుతుంది కాబట్టి, పైన చెప్పినట్టు అది పురోహితుణ్ణి అడగాల్సిన సంవత్సరం.

ఎప్పుడైనా చైత్రమే రెండుసార్లు వస్తే నిజ చైత్రంలోనే నాన్నగారి ఆబ్దికం పెట్టాలి. 2023లో శ్రావణం ఇలాగే రెండుసార్లు వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధికం, 17 నుంచి నిజం. మాకు తెలిసిన ఒక ఇంట్లో అధిక శ్రావణంలో తిథి రాగానే పెట్టేసి, నెల తర్వాత నిజ శ్రావణం వచ్చాక మళ్లీ పెట్టుకున్నారు. రెండు మాసాల్లోనూ పెట్టే ఆచారం ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వాళ్ల సంగతి వేరు. వీళ్లు మాత్రం తెలియక చేశారు.

పోయినసారి పెట్టినదాని గురించి. మీరు శ్రద్ధగానే పెట్టారు, రోజు ఒకటి తప్పింది. దాన్ని ఇప్పుడు తిరగదోడి మళ్లీ పెట్టాల్సిన అవసరం ఉందని నేను అనుకోను. ఈసారి నుంచి నవమికి మార్చుకోండి. ఆబ్దికం ఏ కారణం చేతనైనా తప్పిపోతే బహుళ ఏకాదశి నాడో అమావాస్య నాడో పెట్టుకునే వీలు శాస్త్రంలోనే ఉంది, కాబట్టి మనసు ఒప్పుకోకపోతే పురోహితుడితో మాట్లాడి ఆ దారి చూడండి. భాద్రపద బహుళంలో మహాలయ పక్షం కూడా వస్తుంది. ఇది మీ ఇద్దరన్నదమ్ములూ కూర్చుని తేల్చుకోవాల్సినంత పెద్ద వ్యవహారం మాత్రం కాదు.

కానీ ఒక్కటి మాత్రం చేయకండి. 2026 మార్చి 26 గురువారం, ఆఫీసులు ఉంటాయి. తమ్ముడు శనివారానికి జరుపుదాం అనొచ్చు. తిథి తెలిశాక కూడా సెలవు కోసం దాన్ని జరపడం నాకు నచ్చదు. అక్కడ పురోహితుడు దొరకకపోతే, భోక్తలను పిలిచి వంట చేయించడం కుదరకపోతే, ఆ రోజే బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ పెట్టి స్వయంపాకం ఇచ్చే పద్ధతి ఉంది. పెద్దది చేయలేనప్పుడు చిన్నది చేయొచ్చు, రోజు మార్చుకోవాల్సిన పని లేదు.

చివరగా ఒక కాగితం మీద ఇలా రాసి దేవుడి గదిలో పంచాంగంలో పెట్టుకోండి: క్రోధి నామ సంవత్సరం, చైత్ర శుద్ధ నవమి, మంగళవారం, సాయంత్రం 5 గంటలు, విజయవాడ. దాని కింద నాన్నగారి పేరు, గోత్రం. తమ్ముడికి దాన్ని ఫోటో తీసి పంపండి. ఉగాదికి కొత్త పంచాంగం కొన్న రోజునే చైత్ర శుద్ధ అష్టమి, నవమి వరుసలు రెండూ చూసి, నవమి ఏ రోజు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు మధ్య ఉందో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మీ తిథి ఉగాది అయిన వారానికే వచ్చేస్తుంది కాబట్టి పంచాంగం కొనడం మాత్రం వాయిదా వేయకండి.